ఆవేశమే వాలు: అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఆమ్లంలోనూ క్షారంలోనూ ఎందుకు కరుగుతుంది

అల్యూమినియం క్లోరైడ్ ద్రావణంలో కాస్టిక్ సోడా చుక్కచుక్కగా వేస్తూ పోతే ముందు జెల్లీలాంటి తెల్లటి అవక్షేపం వస్తుంది. ఆపకుండా ఇంకా వేస్తే ఆ తెలుపు పోయి ద్రావణం మళ్లీ నీళ్లలా తేటపడుతుంది. ఇప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే అవక్షేపం తిరిగి వచ్చి, ఆమ్లం ఎక్కువైతే మళ్లీ కరిగిపోతుంది. ఇంటర్‌లోనో డిగ్రీలోనో సాల్ట్ ఎనాలిసిస్ చేసినవాళ్లకు ఇది తెలిసిన దృశ్యమే. దీన్ని ద్విస్వభావం అని చెప్పి పాఠం ముందుకు వెళ్లిపోతుంది. అసలు ప్రశ్నలు మిగిలిపోతాయి. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ సోడాలో ఎందుకు కరగదు? అదే అల్యూమినియం అవక్షేపం కాస్టిక్ సోడాలో కరిగి, అమోనియాలో ఎందుకు నిలబడుతుంది? ఆమ్లం వైపు, క్షారం వైపు కరిగే తీరు ఒకటేనా?

ఈ మూడింటికీ జవాబు ఒకే గీతలో ఉంది. అడ్డంగా pH, నిలువుగా కరిగి ఉన్న అల్యూమినియం గాఢత తీసుకుని గీసే ద్రావణీయతా వక్రం అది. నిలువు అక్షం లాగరిథమ్ కొలతలో ఉండాలి. అప్పుడు వక్రం లోయలా కనిపిస్తుంది, కానీ లోయ రెండు గట్లూ ఒకేలా ఉండవు. ఆమ్లం వైపు గట్టు నిటారుగా పడిపోతుంది, క్షారం వైపు గట్టు మెల్లగా లేస్తుంది. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ద్విస్వభావం మొత్తం తెలిసినట్టే.

నీటిలో అల్యూమినియం అయాను ఒంటరిగా ఉండదు. దాని చుట్టూ ఆరు నీటి అణువులు అతుక్కుని ఉంటాయి. అయాను చిన్నది, వ్యాసార్ధం సుమారు 53 పికోమీటర్లు. ఆవేశం మాత్రం మూడు. ఇంత చిన్న చోట ఇంత ధనావేశం ఉండడంతో అది నీటి అణువుల్లోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. దాంతో ఆ నీటిలోని O–H బంధం బలహీనపడి ప్రోటాన్ తేలిగ్గా ఊడివస్తుంది. ఆరు నీళ్ల ఈ అల్యూమినియం అయాను pKa సుమారు 5; ఈ అంకె ఎంత తక్కువైతే ఆమ్లం అంత బలమైనది. అంటే ఎసిటిక్ ఆమ్లానికి దగ్గర్లో ఉండే ఆమ్లమే. మెగ్నీషియం అయానుకు ఈ విలువ 11 పైన ఉంటుంది. అది పట్టుకున్న నీళ్లు సోడాలో కూడా ప్రోటాన్‌ను అంత తేలిగ్గా వదలవు.

pH పెంచుతూ పోతే అల్యూమినియం చుట్టూ ఉన్న నీళ్లు ఒక్కొక్కటిగా ప్రోటాన్ వదిలి హైడ్రాక్సైడ్లుగా మారతాయి. ఒక ప్రోటాన్ పోయిన ప్రతిసారీ ఆవేశం ఒక మెట్టు దిగుతుంది: మూడు, రెండు, ఒకటి, సున్నా. సున్నా మెట్టు దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. ఆవేశం ఉన్న అయాన్లు ఒకదాన్నొకటి వికర్షిస్తాయి, నీరు వాటిని గట్టిగా చుట్టుకుని ఉంచుతుంది. ఆవేశం లేని Al(OH)₃కు ఆ రక్షణ లేదు. ఒక అల్యూమినియం మీది హైడ్రాక్సైడ్ పక్క అల్యూమినియాన్ని కూడా పట్టుకుని వంతెన కడుతుంది. వంతెనలు పెరిగి పెరిగి, మధ్యలో బోలెడు నీటిని బంధించుకుని, జెల్లీగా కిందికి దిగుతాయి.

ఇక్కడినుంచి రెండు దారులు. ఆమ్లం పోస్తే వంతెన మీది హైడ్రాక్సైడ్ ప్రోటాన్ తీసుకుని నీరవుతుంది, వంతెన తెగుతుంది, అల్యూమినియం ధనావేశంతో బయటపడుతుంది. క్షారం పోస్తే అల్యూమినియం ఇంకో హైడ్రాక్సైడ్‌ను చేర్చుకుని ఆవేశం సున్నా దాటి ఋణానికి వెళ్తుంది. ఇలా ఏర్పడే అల్యూమినేట్ అయాను Al(OH)₄⁻. చుట్టూ ఆరుగురికి బదులు నలుగురే మిగిలి, ఆకారం టెట్రాహెడ్రన్‌గా మారుతుంది. ఎటు వెళ్లినా జరిగేది ఒకటే: ఆవేశం సున్నా నుంచి కదిలింది కాబట్టి నీటిలోకి వెళ్లే దారి దొరికింది.

ఇప్పుడు అంకెలు. అప్పుడే ఏర్పడిన, ఇంకా స్ఫటికం కట్టని అవక్షేపం 25 డిగ్రీల దగ్గర నీటితో సమతాస్థితిలో ఉందనుకుంటే, ద్రావణంలో ఒక్కో రూపం గాఢత ఇంచుమించు ఇలా ఉంటుంది.

```
log[Al³⁺]      =  10.5 − 3 pH
log[Al(OH)²⁺]  =   5.5 − 2 pH
log[Al(OH)₂⁺]  =   0.4 − pH
log[Al(OH)₃]   =  −6.3
log[Al(OH)₄⁻]  = −12.5 + pH
```

మొదటి అంకెల్ని కాసేపు పక్కనపెట్టి pH ముందున్న గుణకాల్ని చూడండి. అవి వరుసగా −3, −2, −1, 0, +1. అయాను ఆవేశాన్ని గుర్తు తిరగేసి రాసినట్టే ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదు. ఘనపదార్థానికి ఆవేశం లేదు. దానినుంచి +3 అయాను రావాలంటే మూడు ప్రోటాన్లు ఖర్చవాలి, అందుకే గాఢత ప్రోటాన్ గాఢత ఘనంతో మారుతుంది. −1 అయాను రావాలంటే ఒక్క హైడ్రాక్సైడ్ చాలు. అంటే ఈ గ్రాఫులో ప్రతి గీత వాలూ ఆ అయాను ఆవేశమే. ఆమ్లం వైపు pH ఒక్క అంకె తగ్గితే Al³⁺ వెయ్యి రెట్లు పెరుగుతుంది. క్షారం వైపు ఒక్క అంకె పెరిగితే అల్యూమినేట్ పది రెట్లే పెరుగుతుంది. లోయకు రెండు గట్లు రెండు రకాలుగా ఉండడానికి కారణం ఇంతే.

లోయ అడుగు ఎక్కడుంది? చాలా పుస్తకాలు సులువు కోసం Al³⁺, Al(OH)₄⁻ రెండింటినే లెక్కలోకి తీసుకుంటాయి. అలా చేస్తే అడుగు pH 5.9 దగ్గర వస్తుంది, అక్కడ అల్యూమినేట్ Al³⁺కు సరిగ్గా మూడు రెట్లు ఉంటుంది. గణితం అందంగానే ఉంది కానీ ఫలితం తప్పు. అడుగు దగ్గర రాజ్యమేలేది మధ్య మెట్ల మీదివాళ్లు, ముఖ్యంగా Al(OH)₂⁺. అయిదింటినీ కలిపితే అడుగు pH 6.4 చుట్టుపక్కలకు జరుగుతుంది, అక్కడ కరిగి ఉన్న అల్యూమినియం లీటరుకు 0.06 మిల్లీగ్రాములు. రెండే తీసుకున్న లెక్క దీనికి ఏడెనిమిది రెట్లు తక్కువ చూపిస్తుంది. పరీక్షలో లెక్కకైతే రెండు గీతలు సరిపోతాయేమో గానీ, తాగునీటి విషయంలో ఆ సులువు మోసం చేస్తుంది.

ఈ గీతల్ని పరీక్షనాళికలో చూద్దాం. 0.1 మోలార్ అల్యూమినియం క్లోరైడ్ 10 మి.లీ. తీసుకుంటే అందులో 1 మిల్లీమోల్ అల్యూమినియం ఉంటుంది. దానికి 1 మోలార్ కాస్టిక్ సోడా పోస్తే, 3 మి.లీ. దగ్గర మూడు హైడ్రాక్సైడ్లూ సరిపోయి అవక్షేపం నిండుగా ఉంటుంది. నాలుగో మి.లీ. అల్యూమినేట్ కావడానికి ఖర్చవుతుంది. అది పూర్తయ్యాక ఇంకెంత సోడా అదనంగా ఉండాలో ఈ సమతాస్థితి చెబుతుంది.

```
Al(OH)₃ + OH⁻ ⇌ Al(OH)₄⁻      K ≈ 32
```

అల్యూమినేట్‌కు, మిగిలిన హైడ్రాక్సైడ్‌కు నిష్పత్తి 32 ఉండాలి. అల్యూమినేట్ 1 మిల్లీమోల్ కాబట్టి మిగులు హైడ్రాక్సైడ్ అందులో ముప్పైరెండో వంతు చాలు, అంటే 0.03 మి.లీ. సోడా, ఒక్క చిన్న చుక్క. తాజా అవక్షేపం 4 మి.లీ. దాటీ దాటగానే కరిగిపోతుంది. నిజానికి మధ్య మెట్లలో అల్యూమినియాలు పదమూడేసి కలిసి పెద్ద అయాన్లు కూడా కడతాయి. ఆఖరి లెక్కను అది మార్చదు.

అయితే ఆ నాళికను అలాగే వదిలేసి, అవక్షేపాన్ని చాలాకాలం నిల్వ ఉంచితే? జెల్లీ నెమ్మదిగా నీటిని వదిలి, వంతెనలు క్రమబద్ధంగా సర్దుకుని, గిబ్‌సైట్ అనే స్ఫటికం వైపు వెళ్తుంది. ఫార్ములా అదే Al(OH)₃. కానీ గిబ్‌సైట్‌కు పై సమతాస్థితి స్థిరాంకం 32 కాదు, 0.1 చుట్టుపక్కల. నిష్పత్తి తిరగబడింది. ఇప్పుడు ప్రతి అల్యూమినేట్‌కు పది హైడ్రాక్సైడ్లు మిగులుండాలి. అదే 1 మిల్లీమోల్ కరగాలంటే 4 మి.లీ. మీద ఇంకో 10 మి.లీ. సోడా కావాలి, పైగా కరగడం చాలా నిదానం. "నా అవక్షేపం సోడాలో కరగట్లేదు, ఇది అల్యూమినియం కాదేమో" అని విద్యార్థి అనుమానపడే సందర్భాల్లో అవక్షేపం పాతబడిందా, మరిగించారా అని ముందు అడగాలి. వక్రం ఒక్కటే కాదు, ఒకదాని కింద ఒకటిగా రెండున్నాయి. పాతబడే కొద్దీ లోయ మొత్తంగా కిందికి దిగుతుంది.

అల్యూమినియం పరిశ్రమ మొత్తం ఈ రెండు వక్రాల మధ్య ఖాళీ మీదే బతుకుతోంది. కార్ల్ బేయర్ 19వ శతాబ్దం చివర్లో రూపొందించిన పద్ధతిలో బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడాలో కరిగిస్తారు, వడకట్టి చల్లారుస్తారు. చల్లారాక అల్యూమినేట్ ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంటుంది, కానీ తనంతట తాను దిగదు. స్ఫటికం పుట్టడం కష్టం. అందుకే ముందే తయారుగా ఉన్న హైడ్రాక్సైడ్ స్ఫటికాలను విత్తనంగా వేస్తారు, అప్పుడు గంటల తరబడి నెమ్మదిగా దిగుతుంది. ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో తయారుచేసి విశాఖ ఓడరేవు మీదుగా ఎగుమతి చేసే అల్యూమినా వచ్చేది ఈ దారిలోనే. బాక్సైట్‌లోని ఇనుము మాత్రం సోడాలో కరగక ఎర్ర బురదగా మిగులుతుంది. ఇక్కడ ఒక అపోహ తొలగిపోవాలి. నీళ్లు పట్టుకున్న ఇనుము +3 అయాను అల్యూమినియం కంటే బలమైన ఆమ్లం, pKa సుమారు 2.2. కేవలం ఆ ఆమ్లత్వమే ద్విస్వభావాన్ని నిర్ణయించేటట్టయితే ఇనుమే సోడాలో ముందు కరగాలి. కానీ ఇనుము హైడ్రాక్సైడ్ ఘనరూపంలో మరింత స్థిరంగా ఉంటుంది కాబట్టి దాని లోయ చాలా లోతు. క్షారం వైపు గట్టు ఉన్నా, మామూలు సోడా గాఢతల్లో చెప్పుకోదగ్గ ఎత్తుకు చేరదు. ఒక హైడ్రాక్సైడ్ ద్విస్వభావమా కాదా అన్నది చివరికి లోయ ఎంత లోతు, గట్టు మనకు అందేంత దగ్గర్లో ఉందా అన్న ప్రశ్నే.

అమోనియా సంగతికి వస్తే, అది కరిగించలేదని పుస్తకాలు ఖాయంగా చెప్పినా, గీత అంత గట్టిగా చెప్పదు. కడిగిన తాజా అవక్షేపం 1 మోలార్ అమోనియాలో ఎంత కరుగుతుందో లెక్కేస్తే 0.024 మోలార్ వరకు వస్తుంది. అమోనియా హైడ్రాక్సైడ్‌ను కొద్దికొద్దిగానే ఇస్తుంది, ఇచ్చిన ప్రతిసారీ అమ్మోనియం అయాను పోగుపడి తర్వాత ఇచ్చేదాన్ని అణిచేస్తుంది. అందుకే కాస్టిక్ సోడాలా మొత్తం కరిగించదు. కానీ మొత్తం కరిగితే 0.1 మోలార్ అయ్యేంత అవక్షేపం ఉంటే 0.024 అంటే నాలుగో వంతు. అది చిన్న నష్టం కాదు.

ఇప్పుడు ముందే 0.5 మోలార్ అమ్మోనియం క్లోరైడ్ ఉందనుకోండి. హైడ్రాక్సైడ్ గాఢత లీటరుకు 0.00004 మోల్ లోపే ఆగిపోతుంది, కరిగేది 0.001 మోలార్‌కు పడిపోతుంది, అంటే నూటికి ఒకటి. సాల్ట్ ఎనాలిసిస్ మూడో గ్రూపులో ముందు అమ్మోనియం క్లోరైడ్, తర్వాతే అమ్మోనియం హైడ్రాక్సైడ్ అని వల్లె వేయిస్తారు. మెగ్నీషియం దిగకుండా ఉండడానికి అని కారణం చెబుతారు. అది నిజమే. అల్యూమినియం తిరిగి కరిగి జారిపోకుండా ఆపేదీ ఆ అమ్మోనియం క్లోరైడే, ఈ సగం మాత్రం చాలాసార్లు చెప్పరు. అమోనియా వాసన గుప్పుమనేంతగా పోసి, మరిగించకుండానే వడకడితే అల్యూమినియం కొంత వడపోత నీటిలోకి పోతుంది.

అవతలి గట్టున ఇదే పని కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. తేటగా ఉన్న అల్యూమినేట్‌లోకి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే, అవక్షేపం దిగే చోటు దాటి మళ్లీ కరిగేదాకా పోవడం చాలా సులువు. ఆ వైపు గట్టు నిటారు కదా. కార్బన్ డయాక్సైడ్ పంపితే pH 7 దగ్గర బైకార్బొనేట్‌తో ఆగుతుంది, అవక్షేపం నిలుస్తుంది. బలహీన ఆమ్లం, బలహీన క్షారం రెండూ లోయలోనే ఆగుతాయి. బలమైనవే గట్టెక్కిస్తాయి.

ఈ వక్రం తెలియకపోతే ఏమవుతుందో చూడడానికి తెలుగునాట ఒక స్పష్టమైన ఉదాహరణ ఉంది. ఫ్లోరైడ్ నీటిని శుభ్రం చేయడానికి నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. నీటిలో ఫిల్టర్ పటిక, అంటే అల్యూమినియం సల్ఫేట్, దాంతోపాటు కాస్త సున్నం వేసి కలుపుతారు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ తేలికపాటి తుంపులుగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది. పటిక మోతాదు లీటరుకు వందల మిల్లీగ్రాములు. మామూలు ఫిల్టర్ హౌస్‌లో మట్టి దించడానికి వేసేదానికంటే ఇది చాలా ఎక్కువ, కాబట్టి pH ఎక్కడ ఆగుతుందన్నది ఇక్కడ మరింత ముఖ్యం.

లీటరుకు 500 మి.గ్రా. పటిక వేశామనుకుందాం. అందులో అల్యూమినియం 40 మి.గ్రా., అంటే 1.5 మిల్లీమోల్. హైడ్రాక్సైడ్‌గా మారేటప్పుడు ఒక్కోటి మూడు ప్రోటాన్లు వదులుతుంది కాబట్టి మొత్తం 4.5 మిల్లీమోల్ ఆమ్లం పుడుతుంది. దీన్ని నీటిలోని బైకార్బొనేట్ తీసుకోవాలి. ఆమ్లాన్ని తటస్థం చేసే శక్తిని, అంటే ఆల్కలినిటీని, కాల్షియం కార్బొనేట్ లెక్కలో చెబుతారు. అది లీటరుకు 400 మి.గ్రా. ఉన్న బోరు నీరైతే 8 మిల్లీమోల్ బైకార్బొనేట్ ఉంటుంది. 4.5 పోయాక 3.5 మిగులుతుంది, పోయినంత కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, pH 6.2 దగ్గర ఆగుతుంది. దాదాపు లోయ అడుగే. సున్నం అంతగా అవసరం లేకుండానే పని జరిగిపోయింది.

అదే మోతాదు ఆల్కలినిటీ 200 ఉన్న నీటిలో వేయండి. 4 మిల్లీమోల్ బైకార్బొనేట్ మొత్తం అయిపోయి ఇంకా 0.5 మిల్లీమోల్ ఆమ్లం మిగిలిపోతుంది. pH 4.8కి జారుతుంది, నీటిలో లీటరుకు దాదాపు 6 మి.గ్రా. అల్యూమినియం కరిగే ఉంటుంది. భారతీయ ప్రమాణం IS 10500 తాగునీటిలో ఒప్పుకునేది 0.03 మి.గ్రా., వేరే దారి లేనప్పుడు గరిష్ఠంగా 0.2. పైగా ఆ pHలో ఫ్లోరైడ్ అల్యూమినియంతో జతకట్టి కరిగిన అయాన్లుగానే ఉండిపోతుంది, అల్యూమినియం ద్రావణీయత ఇంకా పెరుగుతుంది. పోగొట్టాల్సింది పోకపోగా కొత్తది చేరింది. ఈ నీటికి లీటరుకు ఇంకో 80 మి.గ్రా. సున్నం కలిపితే pH మళ్లీ 6.2కు వస్తుంది. భయపడి గుప్పెడు ఎక్కువ వేస్తే కార్బన్ డయాక్సైడ్ అంతా ఖర్చయి pH 9 దాటుతుంది, అవతలి గట్టు మీద అల్యూమినేట్‌గా లీటరుకు 8 మి.గ్రా. పైనే కరగగలదు.

ఇక్కడ మెల్లని గట్టే ఎక్కువ ప్రమాదం. ఆమ్లం వైపు తప్పు జరిగితే నీళ్లు పుల్లగా, వగరుగా ఉండి దొరికిపోతుంది. క్షారం వైపు తప్పు నెమ్మదిగా వస్తుంది. పైన సరిగ్గా కుదిరిన 400 ఆల్కలినిటీ నీటినే తీసుకోండి. తుంపులు దిగాక నీటిని వేరుచేయకుండా బకెట్‌లో అలాగే ఉంచితే, కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతూ pH 8 వైపు పాకుతుంది. pH 8 దగ్గర తాజా హైడ్రాక్సైడ్‌తో సమతాస్థితిలో లీటరుకు 0.8 మి.గ్రా. పైనే కరగగలదు, అంటే గరిష్ఠ పరిమితికి నాలుగు రెట్లు. అడుగున ఉన్న బురదే మళ్లీ నీటిలోకి వస్తుంది. ఇంట్లో వాడే నల్గొండ బకెట్‌కు కుళాయి అడుగుకు ఆనించకుండా కొన్ని సెంటీమీటర్లు పైన పెట్టడం, దిగిన వెంటనే పైనీటిని గుడ్డతో వడగట్టి వేరే పాత్రలోకి తీయడం అందుకే అవసరం. బురద నీటితో లేకపోతే తర్వాత pH పెరిగినా కొత్తగా కరగడానికి ఏమీ ఉండదు. ట్రీట్‌మెంట్ ప్లాంట్‌లో pH సరిచేసే చివరి విడత సున్నాన్ని వడపోత తర్వాతే వేయాలన్న నియమానికీ కారణం ఇదే.

తేటగా ఉన్న నీరు చూసి నమ్మడానికి లేదు. కరిగిన అల్యూమినియం కంటికి కనపడదు, ఇసుక ఫిల్టర్‌కు చిక్కదు. నీటిని 0.45 మైక్రాన్ వడపోత కాగితం గుండా పంపి, పంపనిదాన్నీ పంపినదాన్నీ విడివిడిగా కొలిస్తే ఎక్కడ తప్పు జరిగిందో తెలుస్తుంది. వడపోశాక అల్యూమినియం బాగా తగ్గితే తుంపులు జారిపోతున్నాయి, లోపం ఫిల్టర్‌లో ఉంది. తగ్గకపోతే అది కరిగి ఉంది, లోపం pHలో ఉంది. అప్పుడు pH 6 కంటే తక్కువైతే సున్నం పెంచాలి, 7.5 దాటితే తగ్గించాలి. ఏ గట్టు మీద ఉన్నామో చూడకుండా సున్నం మోతాదు మార్చకూడదు.